ఎనిమిది వేల పెట్టె: చిల్లర ఖర్చులకు ఇంప్రెస్ట్ పెట్టుకోవడం, నెలాఖరున వోచర్లతో సరిచూసుకోవడం

చిన్న వ్యాపారాల్లో చిల్లర ఖర్చులు సాధారణంగా గల్లాలోంచే వెళ్లిపోతుంటాయి. హమాలీ వచ్చి నిలబడితే కౌంటర్‌లో వచ్చిన అమ్మకం డబ్బులోంచి మూడొందలు తీసిస్తారు, టీ కుర్రాడికి నూట నలభై ఇస్తారు, రాత్రికి మిగిలింది లెక్కపెట్టి బ్యాంకుకు పంపుతారు. అమ్మకం ఎంత, ఖర్చు ఎంత అని నెలాఖరున అడిగితే రెండిటికీ కచ్చితమైన జవాబు ఉండదు. ఇంప్రెస్ట్ పద్ధతి ఈ రెండింటినీ విడదీస్తుంది.

పద్ధతి ఇది. చిల్లర ఖర్చుల కోసం ఒక స్థిరమైన మొత్తం, ఉదాహరణకు ఎనిమిది వేలు, ఒక మనిషి చేతిలో పెడతారు. ఖర్చయినప్పుడల్లా డబ్బు బయటికి వెళ్లి దాని స్థానంలో వోచర్ పెట్టెలోకి వస్తుంది. పెట్టె ఖాళీ కావస్తుంటే, ఎంత ఖర్చయిందో సరిగ్గా అంతే మళ్లీ నింపుతారు. అందుకే పెట్టెలో ఉన్న నగదు, వోచర్లు కలిపితే ఏ రోజైనా, ఏ గంటలోనైనా ఎనిమిది వేలే రావాలి. తనిఖీ మొత్తం ఈ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంటుంది. ‘ఈ వారం ఓ ఐదు వేలు ఇవ్వండి, పై వారం మూడు వేలు చాలు’ అని తోచినంత ఇస్తూ పోతే అది ఇంప్రెస్ట్ కాదు, ఊరికే అడ్వాన్స్ ఇచ్చినట్టు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక షాపును ఉదాహరణగా తీసుకుందాం. యజమాని, పార్ట్‌టైమ్ అకౌంటెంట్, బిల్లింగ్ చూసే అమ్మాయి, గోడౌన్‌లో నలుగురు, ఒక కలెక్షన్ కుర్రాడు ఉన్నారు. లెక్కలు టాలీలో రాస్తారు. నవంబరు 1 నుంచి ఇంప్రెస్ట్ మొదలుపెడుతున్నారు.

మొదటి అడుగు: ఎంత పెట్టాలి

అంకెను ఊహించి పెట్టకండి. గత మూడు నెలల్లో చిన్న ఖర్చులు ఎంతయ్యాయో చూడండి. మన షాపులో రెండు నెలలు పన్నెండు వేలకు అటూ ఇటూ అయింది. దసరా పడిన నెలలో మామూళ్లు, పూజ ఖర్చులతో పదహారు వేలు దాటింది. పండగ నెలను పక్కన పెట్టేయండి. దాన్ని లెక్కలోకి తీసుకుంటే మిగతా నెలలన్నిటా పెట్టెలో అవసరం లేని డబ్బు మూలుగుతుంది. పండగ ఖర్చులకు విడిగా మంజూరు చేసి, విడిగా లెక్క చెప్పించుకోవడం మంచిది.

మామూలు నెల ఖర్చు పన్నెండు వేలు. నెలకు రెండుసార్లు నింపుకుందాం అనుకుంటే ఒక్కో విడతకు ఆరు వేలు. నింపే రోజు బ్యాంకు సెలవు రావచ్చు, యజమాని ఊళ్లో లేకపోవచ్చు కాబట్టి పైన రెండు వేలు కలిపితే ఎనిమిది వేలు. నగదు రెండు వేల దగ్గరికి రాగానే నింపమని అడగాలని కూడా అప్పుడే నిర్ణయించుకోండి. పూర్తిగా అయిపోయేదాకా ఆగితే పెట్టె చూసే క్యాషియర్ తన సొంత డబ్బు పెడుతుంది. అక్కడితో పెట్టె లెక్కలో మూడో మనిషి డబ్బు కలిసి, ఎవరిది ఎంతో తేలదు.

రెండో అడుగు: ఎవరి చేతిలో, ఏ హద్దుల్లో

పెట్టె ఒక్కరి దగ్గరే ఉండాలి, తాళంచెవి కూడా ఒక్కటే ఉండాలి. మన ఉదాహరణలో అది బిల్లింగ్ అమ్మాయి దగ్గర ఉంటుంది, క్యాషియర్ ఆమే. ఖర్చుకు అనుమతి ఇచ్చేది యజమాని, నెలాఖరున సరిచూసేది అకౌంటెంట్. ముగ్గురు లేని చోట కనీసం ఇద్దరైనా ఉండాలి. డబ్బు పట్టుకునే మనిషే నింపే చెక్కు మీద సంతకం పెడితే ఎన్ని వోచర్లు రాసినా ఫలితం ఉండదు.

ఒక్క వోచర్‌కు వెయ్యి రూపాయలు హద్దు పెట్టండి. అంతకు మించితే బ్యాంకు నుంచే కట్టాలి. ఒక మనిషికి ఒక రోజులో పది వేలకు మించి నగదుగా ఇస్తే, కొన్ని మినహాయింపులు పోగా, ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. లారీ కిరాయి లాంటి రవాణా చెల్లింపులకు ఆ పరిమితి 35 వేలు. వెయ్యి హద్దు ఉన్న పెట్టె ఆ గీత దాకా పోనే పోదు. ఐదు వేలు దాటిన రసీదుకు వేయాల్సిన రూపాయి రెవెన్యూ స్టాంపు గొడవా ఉండదు. అయితే పద్దెనిమిది వందల బిల్లును తొమ్మిది వందల చొప్పున రెండు వోచర్లుగా కోయడం మొదలవుతుంది, దాన్ని గమనిస్తుండాలి. ఒకే పేరు, ఒకే రోజు, పక్కపక్క నంబర్లు ఉంటే అనుమానించండి.

పెట్టెలోంచి ఇవ్వకూడనివి కూడా ముందే కాగితం మీద రాసి పెట్టెలో అంటించండి. జీతం అడ్వాన్సులు, సరుకు కొనుగోలు బిల్లులు, యజమాని ఇంటి ఖర్చులు దీంట్లోంచి ఇవ్వకూడదు. ఇంటి ఖర్చులే కష్టం, ఎందుకంటే అడిగేది యజమానే. ‘అమ్మా, ఓ ఐదొందలు ఇవ్వు, ఇంట్లోకి కూరగాయలు’ అంటే కాదనడం ఉద్యోగికి కుదరదు. ఆయన సొంత వాడకం ఖాతాకు విడిగా డబ్బు తీసుకోవడం ఒక్కటే దారి.

ఇంకో సంగతి, ఇది ఈమధ్య బాగా పెరిగింది. గోడౌన్ కుర్రాడొచ్చి ‘అక్కా, ఐదొందలు ఫోన్‌పే చేస్తా, క్యాష్ ఇవ్వవా’ అంటాడు. ఆమె ఇస్తుంది. డబ్బు ఆమె సొంత బ్యాంకు ఖాతాలో పడుతుంది, పెట్టెలో ఐదొందలు తగ్గుతాయి. ఎవరూ మోసం చేయలేదు, కానీ ఆ గంటలో లెక్కపెడితే పెట్టె ఏడున్నర వేలే చూపిస్తుంది. దీన్ని పూర్తిగా ఆపేయండి. షాపు పని మీద క్యాషియర్ తన ఫోన్ నుంచి కట్టాల్సి వస్తే, ఆ రోజే వోచర్ రాసి, దాని మీద యూపీఐ లావాదేవీ నంబరు వేసి, పెట్టెలోంచి అంత నగదు తీసుకోవాలి. రేపటికి వాయిదా వేయకూడదు.

మూడో అడుగు: పెట్టె తెరవడం

బ్యాంకు నుంచి ఎనిమిది వేలు తీయండి. అందులో కనీసం రెండు వేలకు వంద, యాభై, ఇరవై నోట్లు, కాస్త నాణేలు అడిగి తెచ్చుకోండి. చిల్లర లేకపోవడమే నెలాఖరు తేడాల్లో చాలావాటికి మూలం. టీ బిల్లు 280 అయితే మూడొందలు ఇచ్చి ‘ఇరవై రేపిస్తాడులే’ అనుకుంటారు, వోచర్ మాత్రం 280కే రాస్తారు.

టాలీలో `Cash-in-Hand` గ్రూపు కింద `Petty Cash` అనే కొత్త లెడ్జర్ తెరవండి. అమ్మకాల నగదు ఉండే లెడ్జర్‌తో దీన్ని కలపొద్దు. బ్యాంకు నుంచి పెట్టెకు వచ్చిన ఎనిమిది వేలను F4 నొక్కి `Contra` వోచర్‌లో రాయండి. ఇది ఖర్చు కాదు, డబ్బు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారింది, అంతే.

పక్కన ఒక చిల్లర ఖర్చుల పుస్తకం పెట్టండి. తేదీ, వోచర్ నంబరు, వివరం, మొత్తం అనే గడుల తర్వాత ఖర్చుల పద్దులకు ఒక్కో గడి ఉండాలి. మన షాపుకు ఏడు చాలు: హమాలీ, ట్రాలీ ఆటో కిరాయి, టీ టిఫిన్లు, పెట్రోలు, కొరియర్, స్టేషనరీ జిరాక్స్, ఆఫీసు ఖర్చులు. నీళ్ల క్యాన్లు, ఫినాయిల్, శుక్రవారం పూజకు కొబ్బరికాయ, పూలు చివరి దాంట్లోకి వెళ్తాయి. ‘ఇతర ఖర్చులు’ అనే గడి పెట్టకపోవడమే నయం. పెడితే అదే అన్నిటికన్నా పెద్దదవుతుంది.

నాలుగో అడుగు: రోజువారీ వోచర్

స్టేషనరీ షాపుల్లో దొరికే డెబిట్ వోచర్ ప్యాడ్ చాలు. కానీ వాడకముందే ప్యాడ్ మొత్తానికి వరుస నంబర్లు వేసేయండి. రాసేటప్పుడు వేసుకుందాం అనుకుంటే, చింపిపడేసిన వోచర్ ఎప్పటికీ బయటపడదు. తప్పు రాస్తే గీత కొట్టి ‘రద్దు’ అని రాసి అక్కడే ఉంచాలి.

ప్రతి వోచర్ మీద తేదీ, ఎవరికి, దేనికి, అంకెల్లో ఎంత, అక్షరాల్లో ఎంత, ఏ పద్దు, తీసుకున్న మనిషి సంతకం, అనుమతి ఇచ్చినవారి సంతకం ఉండాలి. అక్షరాల్లో రాయడాన్ని చాలామంది బద్ధకించి వదిలేస్తారు. ఎందుకు వదలకూడదో నెలాఖరు లెక్కలో చూద్దాం. హమాలీలకు బిల్లు ఉండదు కాబట్టి వోచర్ మీద సంతకమో వేలిముద్రో తీసుకుని, ‘హమాలీ’ అని ఊరుకోకుండా ‘ఫలానా ట్రాన్స్‌పోర్టు లోడు, 36 పెట్టెలు దించినందుకు’ అని రాయండి. అప్పుడది సరుకు రిజిస్టర్‌తో పోల్చి చూడటానికి పనికొస్తుంది.

బిల్లు ఉన్నవాటికి బిల్లును వోచర్ వెనక పిన్ చేసి, బిల్లు ముఖం మీద అడ్డంగా ‘చెల్లించాం’ అని వోచర్ నంబరుతో సహా రాయండి. అలా కొట్టేయని బిల్లు రెండు నెలల తర్వాత ఇంకో వోచర్ వెనక ప్రత్యక్షం కావచ్చు. పెట్రోలు బంకు బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలల్లోనే చెరిగిపోతాయి కాబట్టి జిరాక్స్ తీసి జత చేయండి. స్టేషనరీ లాంటి వాటికి షాపు జీఎస్టీ నంబరుతో బిల్లు అడగండి, ఆ పన్ను క్రెడిట్ వస్తుంది. టీ టిఫిన్ల మీద పన్నుకు మామూలుగా రాదు. పెట్రోలు జీఎస్టీలోనే లేదు.

ఖర్చు ఎంతవుతుందో ముందు తెలియనప్పుడు అడ్వాన్స్ చీటీ వాడాలి. డ్రైవర్‌కు నాలుగొందలు ఇచ్చి పంపితే అతని సంతకంతో చీటీ పెట్టెలో ఉంచండి. అది ఇంకా ఖర్చు కాదు, పుస్తకంలో రాయకూడదు, కానీ లెక్కపెట్టేటప్పుడు నగదుతో పాటు కలపాలి. మర్నాటికల్లా చీటీ తీసేసి అసలు వోచర్ రావాలి.

నెలాఖరు: సరిచూసే వరుస

నవంబరు మధ్యలో ఒకసారి నింపారు. అప్పటికి పెట్టెలో 1,860 మిగిలింది, 6,140 తెచ్చి మళ్లీ ఎనిమిది వేలు చేశారు. అది 31వ వోచర్ దాకా. ఇప్పుడు నెల చివరి రోజు సాయంత్రం. అకౌంటెంట్ ఎదురుగా కూర్చున్నాడు. నోట్లు లెక్కపెట్టాల్సింది క్యాషియరే, అతను చూసి రాసుకోవాలి. పెట్టె తన చేతిలోకి తీసుకుని లెక్కపెడితే, తగ్గినప్పుడు ‘మీ దగ్గరే తగ్గింది’ అనే మాట పడాల్సి వస్తుంది.

```
500 × 2  = 1,000
200 × 1  =   200
100 × 5  =   500
 50 × 3  =   150
 20 × 4  =    80
 10 × 7  =    70
నాణేలు   =    25
మొత్తం   = 2,025
```

ఈ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పుస్తకం ఇంకా తెరవలేదని గమనించండి. పుస్తకంలో ఎంత ఉండాలో ముందే తెలిస్తే లెక్క ఆ అంకె వైపే జరుగుతుంది.

తర్వాత వోచర్ల కాగితాలను క్యాలిక్యులేటర్‌లో కూడితే 5,385 వచ్చింది. డ్రైవర్ అడ్వాన్స్ చీటీ ఒకటి, 400.

2,025 + 5,385 + 400 = 7,810. ఎనిమిది వేలకు 190 తక్కువ.

ఇప్పుడు పుస్తకం తెరిస్తే అందులో ఈ విడత ఖర్చు 5,445 ఉంది. కాగితాలకూ పుస్తకానికీ తేడా 60. ఇక్కడే చాలామంది అరవై రూపాయల వోచర్ కోసం వెతకడం మొదలుపెట్టి గంట పోగొట్టుకుంటారు. అది దొరకదు, ఎందుకంటే ఆ తేడా వెనక రెండు తప్పులు ఒకదాన్ని ఒకటి కొంత కప్పేశాయి. తేడా జోలికి వెళ్లకముందు వరుస నంబర్లు చూడాలి.

32 నుంచి 58 దాకా 27 కాగితాలు ఉండాలి. ఉన్నవి 26. లేనిది 47. పుస్తకంలో 47 ఎదురుగా కొరియర్ 150 అని ఉంది. కొరియర్ రసీదుతో పాటు వోచర్ కూడా డిస్పాచ్ ఫైల్లోకి వెళ్లిపోయింది. అక్కడ దొరికింది. దొరక్కపోయి ఉంటే నకలు వోచర్ రాసి, యజమాని సంతకంతో, అసలుది పోయిందని దాని మీదే రాయాలి తప్ప 47 నంబరు వేసి కొత్తగా రాసి ఊరుకోకూడదు.

కాగితాల మొత్తం ఇప్పుడు 5,535. పుస్తకం 5,445. తేడా 90, తొమ్మిదితో నిశ్శేషంగా భాగించొచ్చు. అలాంటి తేడా వస్తే ముందుగా అనుమానించాల్సింది అంకెలు తారుమారు కావడం. వోచర్లూ పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూస్తే 41వ నంబరు, హమాలీ, వోచర్‌లో 540, పుస్తకంలో 450. ఏది నిజం? వోచర్ మీద అక్షరాల్లో ‘ఐదు వందల నలభై’ అని ఉంది, సంతకం ఉంది. అక్షరాలు లేకపోతే హమాలీని పిలిపించి అడగాల్సి వచ్చేది. పుస్తకంలో 450ని చక్కగా కొట్టేసి, పైన 540 రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. హమాలీ గడిలోనూ, టాలీలోనూ అదే మార్పు చేశారు. తేడా ఒక వోచర్ మొత్తానికి సరిగ్గా సమానమైతే, ఆ వోచర్‌ను పుస్తకంలో రాయడం మర్చిపోయారనో రెండుసార్లు రాశారనో అర్థం.

ఆ తర్వాత డ్రైవర్ చీటీ. అతను ట్రాలీ కిరాయి 350కి రసీదు ఇచ్చి యాభై తిరిగిచ్చాడు. 59వ వోచర్ రాశారు. చీటీ చింపేశారు. నగదు 2,075, వోచర్లు 5,885 అయ్యాయి. ట్రాలీ కిరాయి ఈ నెలదే కాబట్టి దాన్ని డిసెంబరుకు జరగనివ్వకుండా నెలాఖరులోపే చీటీలన్నీ తేల్చడం ముఖ్యం.

2,075 + 5,885 = 7,960. ఇంకా నలభై తక్కువ.

ఈ నలభై ఏం చేయాలి? సులువైన దారులు రెండున్నాయి, రెండూ తప్పే. క్యాషియర్ తన పర్సులోంచి నలభై వేసేయడం ఒకటి. టీ అని నలభైకి ఓ వోచర్ రాసేయడం రెండోది. మొదటిది ఆమె మీద అన్యాయపు భారం. పైగా తర్వాత ఎప్పుడైనా నలభై ఎక్కువ వస్తే ఆమె దాన్ని తీసేసుకుంటుంది, ఆ అలవాటు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. రెండోది చిన్నదే అయినా దొంగ వోచర్. అది రాయడం ఒకసారి వచ్చాక నలభై నాలుగొందలు కావడానికి ఎక్కువ కాలం పట్టదు. అరగంట వెతికి, దొరక్కపోతే తగ్గిందని రాసేయండి. టాలీలో `Cash Short and Excess` అనే లెడ్జర్ పెట్టి, F5 `Payment` వోచర్‌లో దాన్ని డెబిట్ చేసి `Petty Cash` ను నలభైతో క్రెడిట్ చేయండి.

నగదు ఎక్కువ వచ్చినా అదే ఖాతాలో రాయాలి, ‘ఎక్కువేగా, మంచిదే’ అని వదలకూడదు. అసలు కన్నా పెద్ద మొత్తానికి వోచర్ రాసినా పెట్టెలో ఎక్కువే కనబడుతుంది, కౌంటర్ డబ్బు కలిసినా ఎక్కువే కనబడుతుంది. నాలుగైదు నెలలకోసారి ఆ ఖాతాను తెరిచి చూడండి. ఓ నెల నలభై తక్కువ, ఓ నెల పదిహేను ఎక్కువ అయితే అది చిల్లర గొడవ. ప్రతి నెలా తక్కువే వస్తున్నా, తేడా ఐదొందలు, వెయ్యి లాంటి గుండ్రని అంకె అయినా, చీటీ లేకుండా ఎవరికో డబ్బు వెళ్తోందని అనుమానించి నెల మధ్యలో చెప్పకుండా వెళ్లి లెక్కపెట్టాలి.

నింపడం, నెల మూసేయడం

గడుల మొత్తాలు కూడండి: హమాలీ 1,640, ట్రాలీ 1,250, టీ టిఫిన్లు 980, పెట్రోలు 800, కొరియర్ 465, స్టేషనరీ 420, ఆఫీసు ఖర్చులు 330. అడ్డంగా కూడినా 5,885, మొత్తం గడిని నిలువుగా కూడినా 5,885. ఇవి కలవకపోతే ఏదో ఖర్చు గడిలోకి ఎక్కలేదు.

ఇప్పుడు నింపాల్సింది ఎంత? వోచర్ల మొత్తం 5,885 అని చెక్కు రాస్తే పెట్టె 7,960 దగ్గరే ఉండిపోతుంది, వచ్చే నెల లెక్క నలభై తేడాతోనే మొదలవుతుంది. ఎనిమిది వేలలోంచి చేతిలో ఉన్న 2,075 తీసేసి 5,925 తేవాలి. వోచర్లు 5,885, తగ్గిన నలభై కలిపినా అదే అంకె. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావడం ఆఖరి పరీక్ష.

ఒక్కో వోచర్‌ను ఎప్పటికప్పుడు F5లో రాసి ఉంటే, టాలీలో `Petty Cash` నిల్వ ఇప్పుడు సరిగ్గా 2,075 చూపించాలి. చెక్కు మార్చాక `Contra` లో 5,925 రాస్తే ఎనిమిది వేలకు వస్తుంది. నెల చివరి రోజు బ్యాంకు మూసి ఉంటే నింపడం డిసెంబరు 1న జరిగినా ఇబ్బంది లేదు, ఖర్చులు ఎలాగూ నవంబరు తేదీలతోనే ఎక్కాయి. ఖర్చులను నింపేటప్పుడు మాత్రమే గుత్తగా రాసే షాపులు మార్చి 31న జాగ్రత్తగా ఉండాలి. ఆ రోజు పెట్టెలో ఉన్న వోచర్లను నింపినా నింపకపోయినా ఆ తేదీకే ఖర్చు రాయాలి. లేకపోతే ఈ ఏడాది హమాలీ వచ్చే ఏడాది లెక్కలోకి పోయి, బ్యాలెన్స్ షీట్‌లో లేని నగదు ఉన్నట్టు కనిపిస్తుంది.

నోట్ల లెక్క కాగితం, వోచర్లు నంబరు వరుసలో, రద్దయినవాటితో సహా ఒక కట్టగా కట్టి పైన నెల పేరు, 32 నుంచి 59 అని రాయండి. జీఎస్టీ నమోదు ఉన్నవారు లెక్కల కాగితాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి.

ఎనిమిది వేలు సరిపోతున్నాయా అన్నది మూడు నెలల తర్వాత చూడొచ్చు. నెలకు మూడుసార్లు నింపాల్సి వస్తుంటే పది వేలు చేయండి. ఒక్కసారితోనే నెల గడిచిపోతుంటే తగ్గించండి. పెంచినా తగ్గించినా మార్పు మొత్తాన్ని విడిగా ఒక `Contra` లో రాసి, ఏ తేదీ నుంచి ఎంతో యజమాని సంతకంతో పుస్తకం మొదటి పేజీలో రాయించండి.